మన ఊరి యువకుల గ్రూపు మూసే ముందు



మొన్న గురువారం పొద్దున వై.ఎన్.హొసకోట యువకుల వాట్సాప్ గ్రూపులో అడ్మిన్ అబ్బాయి పెట్టిన నోటు మీలో చాలామంది చూసే ఉంటారు. చూడనివాళ్ల కోసం దాని సారాంశం చెబుతున్నాం. ఆదివారం రాత్రి పది గంటలకు గ్రూపు మూసేస్తారట. చాట్లన్నీ డిలీట్ అవుతాయట. కావలసినవాళ్లు ముందే సేవ్ చేసుకోవాలట. ఇన్నాళ్లూ సహకరించినందుకు థ్యాంక్స్, ఒక దండం బొమ్మ. అంతే.

కింద పాతిక మంది దండం బొమ్మలే పెట్టారు. ఒక్కరు కూడా "ఎందుకప్పా?" అని అడగలేదు. "మన డబ్బుల లెక్క ఏమాయె?" అని అడిగినవాళ్లూ లేరు. అందుకే ఇది రాస్తున్నాం. కాస్త పొడుగైంది, ఓపికగా చదవండి. మా చదువంతా తమిళ మీడియం. నాయన ఆరణిలో మగ్గం మీద ఉన్నందువల్ల బడి అక్కడే సాగింది. తెలుగు ఇంట్లో మాట్లాడి, రైల్వే క్వార్టర్స్‌లో పేపర్ చదివి నేర్చుకున్నదే. తప్పులుంటే మన్నించండి.

ముందుగా ఒక మాట. ఆ అబ్బాయి మీద మాకు కోపం లేదు. నోటు చూసిన సాయంత్రమే వాళ్లింటికి పోయి అడిగాం. "ఇంగ నాతో కాదు మామా. పొద్దు లేస్తే ఏదో ఒక పంచాయితీ. ఎవడో ఏదో ఫార్వర్డ్ చేస్తాడు, పోలీసోళ్లు వస్తే ముందు పట్టుకునేది నన్నే కదా" అన్నాడు. నిజమే, ఎన్నికలప్పుడు ఆ గ్రూపులో తిట్లు చదవలేక మేమే నెల రోజులు మ్యూట్‌లో పెట్టుకున్నాం.

వాడి భయం ఊరికే పుట్టిందీ కాదు. 2018 జూలైలో మన రాష్ట్రంలోనే బీదర్ జిల్లాలో, పిల్లల్ని ఎత్తుకుపోయేవాళ్లని పుకారు పుట్టి, హైదరాబాదు నుంచి వచ్చిన ఇంజనీరును జనం కొట్టి చంపారు. అప్పుడు అరెస్టయినవాళ్లలో ఒక వాట్సాప్ గ్రూపు అడ్మిన్ కూడా ఉన్నాడు. ఆ తరువాతనే ఒక సందేశాన్ని ఒకేసారి ఐదు చోట్లకు మించి ఫార్వర్డ్ చేయకుండా వాట్సాప్ వాళ్లు మన దేశంలో కట్టడి పెట్టారు. అయితే ఆ తరువాత వచ్చిన కోర్టు తీర్పులు అడ్మిన్లకు కొంత ఊరట ఇచ్చాయి. 2021లో బొంబాయి హైకోర్టు నాగపూర్ బెంచి, 2022లో కేరళ హైకోర్టు ఒకే మాట చెప్పాయి. అడ్మిన్ చేయగలిగింది సభ్యుణ్ణి చేర్చుకోవడం, తీసేయడం. ఇంకొకరు పెట్టిన పోస్టుకు, తానూ అందులో కలిసి ఉంటే తప్ప, అడ్మిన్‌ను నేరస్థుడిగా పట్టుకోవడానికి లేదు. ఈ సంగతి వాడికి చెప్పాం. "కోర్టు దాకా పోయి గెలవాలి కదా మామా" అన్నాడు. మాకు జవాబు దొరకలేదు. పోలీస్ స్టేషన్ మెట్లెక్కడమే మన ఊళ్లో పెద్ద శిక్ష.

కాబట్టి మూయాలనుకుంటే మూయనీండి. మా పేచీ మూయడం మీద కాదు. "చాట్లన్నీ డిలీట్ అవుతాయి" అన్న ఆ ఒక్క మాట మీద. ఆ మాట సగం తప్పు. ఆ తప్పు వల్ల రెండు రకాల నష్టం ఉంది.

వాట్సాప్‌లో అడ్మిన్‌కు ఒక్క మీట నొక్కి అందరి ఫోన్ల నుంచీ చాట్లు తుడిచేసే అధికారం లేదు. గ్రూపును డిలీట్ చేయాలంటే ముందు సభ్యులందరినీ తీసేయాలి, తరువాత తానూ బయటికి రావాలి, అప్పుడు డిలీట్ చేయాలి. అలా చేస్తే తుడిచిపెట్టుకుపోయేది అడ్మిన్ ఫోన్‌లోని చాటు మాత్రమే. మిగిలిన వాళ్ల ఫోన్లలో గ్రూపు పేరు అలాగే ఉంటుంది, పాత మాటలన్నీ ఉంటాయి. కొత్తగా ఎవరూ ఏమీ రాయలేరు, అంతే. ఎవరి ఫోన్‌లోది వాళ్లే తుడుచుకోవాలి. ఇంకో సంగతి. ఒక్కడే అడ్మిన్ ఉండి, ఎవరినీ తీసేయకుండా విసుగుపుట్టి తాను మాత్రం బయటికి వచ్చేస్తే, వాట్సాపే సభ్యుల్లో ఎవరో ఒకరిని అడ్మిన్ చేసేస్తుంది. ఆదివారం రాత్రి అలా జరిగితే సోమవారం పొద్దున తన ప్రమేయమే లేకుండా అడ్మిన్ అయినవాడి మొహం చూడాలి!

"అందరికీ డిలీట్" అనే సదుపాయం ఉంది కదా అంటారు. ఉంది. కానీ దానికి గడువు సందేశం పెట్టినప్పటి నుంచి రెండు రోజుల చిల్లర మాత్రమే. నాలుగేళ్ల కిందటి తిట్టును ఇప్పుడు ఎవరూ అందరి ఫోన్లలోంచి తీయలేరు. గడువులో తీసినా, అప్పటికే ఒకరు గ్యాలరీలో దాచుకున్నది పోదు. కొందరు "మాయమయ్యే సందేశాలు పెట్టేస్తే సరి" అంటున్నారు. అది పెట్టిన రోజు నుంచి వచ్చే సందేశాలకే పనిచేస్తుంది, పాతవాటిని ముట్టదు.

అందువల్ల మొదటి నష్టం ఇది. ఆ గ్రూపులో తమ ఇంటి సంగతులు, రోగాల రిపోర్టులు, ఆడపిల్లల ఫోన్ నంబర్లు పెట్టినవాళ్లు "ఆదివారంతో అన్నీ పోతాయిలే" అని నిశ్చింతగా ఉంటారు. పోవు. ఎవరి జేబులో ఉన్నవి వాళ్ల జేబులోనే ఉంటాయి.

రెండో నష్టం దీనికి తలకిందులు. నోటు నమ్మినవాడు ఆదివారం తరువాత తన ఫోన్‌లో మిగిలిన గ్రూపును "ఇదింకెందుకు" అని తుడిచేస్తాడు. ఒకడి ఫోన్ పగులుతుంది, ఒకడు ఫోన్ మార్చినప్పుడు బ్యాకప్ తెచ్చుకోడు. ఇలా ఒక్కొక్క ఫోన్‌లోంచి పోతూ పోతూ, రెండేళ్లకు నిజంగానే ఎక్కడా ఉండదు. 2019లో యాహూ వాళ్లు తమ గ్రూపులు మూసినప్పుడు కథ వేరు. అక్కడ మాటలన్నీ కంపెనీ దగ్గరే ఉండేవి. అక్టోబరులో నోటీసు ఇచ్చి, డిసెంబరు 14న తుడిచేస్తామన్నారు. జనం గోల చేస్తే దించుకోవడానికి 2020 జనవరి 31 దాకా గడువు పెంచారు. రచ్చబండ లాంటి తెలుగు గ్రూపులు కూడా ఆ యాహూలోనే ఉండేవి. అక్కడ ఒక తేదీ ఉంది, ఆ తేదీ తరువాత లేదు. అందుకే దించుకోవాలనుకున్నవాళ్లు పరుగెత్తారు. మనకు అలాంటి తేదీ లేదు. తేదీ లేనిచోట ఎవరూ పరుగెత్తరు.

మీరు అడగవచ్చు, కుర్రాళ్ల ముచ్చట్లు పోతే పోనీండి, మనకేం అని. గుడ్ మార్నింగ్ పూలు పోతే మాకూ బాధ లేదు. కానీ ఆ గ్రూపు పుట్టింది 2021లో, కరోనా రెండో అలలో, ఎక్కడ బెడ్డు ఉంది, ఎవరి బండి దొరుకుతుంది అని అడుక్కోవడానికి. ఆ తరువాత నీళ్ల ఫిల్టర్ మిషన్ రిపేరు చందా దాంట్లోనే వసూలైంది. మన పావగడ నీళ్లలో ఫ్లోరైడ్ సంగతి మీకు చెప్పాలా? ఆ మిషన్ ఆగిన పదిరోజులు బిందె పట్టుకుని తిరిగినవాళ్లం అందరం. ఆ చందా లెక్క వేరే ఏ పుస్తకంలోనూ లేదు. ఆ చాట్లోనే ఉంది.

మేము రైల్వేలో టికెట్ కౌంటర్ గుమాస్తాగా ఉన్నప్పుడు షిఫ్టు మారే పద్ధతి ఇలా ఉండేది. అట్ట టికెట్ల కాలం అది. ఒక్కొక్క ఊరి టికెట్లు ఒక్కొక్క గూట్లో, వరుస నంబర్లతో ఉండేవి. దిగిపోయే గుమాస్తా ప్రతి గూట్లో పైన మిగిలిన టికెట్ నంబరు రాసేవాడు. అది ముగింపు నంబరు. మొదలు 4120, ముగింపు 4157 అయితే అమ్మింది 37 టికెట్లు. టికెట్ ఆరు రూపాయలైతే పెట్టెలో 222 ఉండాలి. తక్కువైతే మన జేబులోంచి వేయాలి, ఎక్కువైనా రాసి కట్టాలి. ఎక్కిన గుమాస్తా చూసి సంతకం పెట్టేదాకా దిగినవాడు ఇంటికి పోవడానికి లేదు, కడుపు నొప్పి అన్నా సరే. ముప్పై ఏళ్లు ఆ అలవాటులో ఉన్నవాళ్లం. ముగింపు నంబరు రాయకుండా కౌంటరు మూస్తున్నారంటే మాకు చెయ్యి ఆడదు.

అందుకని నిన్నా ఈ పొద్దూ అడ్మిన్‌నే మా ఇంటికి పిలిపించి, ఇంకో ఇద్దరు పిల్లల్ని కూర్చోబెట్టి ఆ ఫిల్టర్ చందా లెక్క తీశాం. జరిగింది జరిగినట్టు చెబుతాం. రేపు మీ గ్రూపు మూసినా పనికొస్తుంది.

మొదట అడ్మిన్ ఫోన్ తీసుకున్నాం. అందులో పాత చాటే లేదు! మధ్యలో వాడు ఫోన్ మార్చాడు, పాతది ఎక్కించుకోలేదు. చూశారా, డిలీట్ చేస్తానన్నవాడి దగ్గరే లేదు. మొదటి నుంచీ ఒకే ఫోన్ వాడుతున్న ఒక నేత కార్మికుడి దగ్గర పూర్తిగా ఉంది. ఆయన గ్రూపులో ఒక్క మాట రాసినవాడు కాదు, అన్నీ చదువుతాడు. ఇలాంటివాళ్లు ప్రతి గ్రూపులో ఒకరుంటారు. ముందు వాళ్లను వెతకండి.

ఆయన ఫోన్‌లో గ్రూపు తెరిచి, పైన మూడు చుక్కలు నొక్కి, More, దాంట్లో Export chat నొక్కాం. ఫోటోలతో కావాలా, లేకుండా కావాలా అని అడుగుతుంది. పిల్లలు ఫోటోలతో అన్నారు. తీరా చూస్తే ఫిల్టర్ చందా నాటి మాటలే అందులో లేవు. కారణం ఏమిటంటే ఫోటోలతో తీస్తే ఇటీవలి పదివేల సందేశాల వరకే ఇస్తుంది. మన గ్రూపులో ఇరవయ్యారు వేలు ఉన్నాయి. ఫోటోలు లేకుండా తీస్తే నలభై వేల దాకా వస్తాయి. అలా మళ్లీ తీశాం. ఈసారి అన్నీ వచ్చాయి, కానీ డబ్బు పంపినవాళ్లు పెట్టిన స్క్రీన్‌షాట్ల చోట `<Media omitted>` అని మాత్రమే ఉంది. అంటే "అన్నా పంపినా చూడు" అన్న మాట ఉంది, ఎంత పంపాడో లేదు. ఫోటోలు లేకుండా సేవ్ చేసుకుని "నా దగ్గర అన్నీ ఉన్నాయి" అనుకునేవాళ్లు ఇక్కడ జాగ్రత్త పడాలి. లెక్క సంగతిలో ఆ ఫైలు ఒక్కటే ఉంటే చిల్లిగవ్వ విలువ లేదు.

మరి ఏం చేశామంటే, ఆ అక్షరాల ఫైలులో చందా మాటలున్న తేదీలు గుర్తుపెట్టుకున్నాం. ఫోన్‌లో గ్రూపులో వెతికే చోట క్యాలెండర్ గుర్తు ఉంటుంది. దాంతో ఆ తేదీకి పోయి ఒక్కొక్క స్క్రీన్‌షాట్ తెరిచి, పేరు, మొత్తం, యూపీఐ రిఫరెన్స్ పన్నెండంకెలు నోటుబుక్కులో రాసుకున్నాం. కొన్ని బొమ్మలు ఆయన అప్పట్లో డౌన్‌లోడ్ చేయలేదు, ఇప్పుడు నొక్కితే రాలేదు. పంపినవాళ్లకు ఫోన్ చేసి మళ్లీ పెట్టించుకున్నాం. ఇదే వచ్చే ఏడాది అయితే ఎంతమంది దగ్గర దొరికేదో.

అడ్మిన్ అప్పట్లో గ్రూపులో పెట్టిన జాబితా ప్రకారం ఇచ్చినవాళ్లు 41 మంది, మొత్తం 38,500. మిషన్‌కు మెంబ్రేన్, మోటారు, కూలీ కలిపి ఖర్చు 31,200, బిల్లుల ఫోటోలు ఉన్నాయి. మిగిలింది 7,300, వాడి ఖాతాలోనే ఉంది. మాకు దొరికిన స్క్రీన్‌షాట్లు 44. అంటే మూడు ఎక్కువ. గదిలో ఒక్క నిమిషం ఎవరూ మాట్లాడలేదు. అబ్బాయి మొహం చూడలేకపోయాం.

పన్నెండంకెలు పక్కపక్కన పెట్టి చూస్తే రెండు స్క్రీన్‌షాట్లకు ఒకే నంబరు. ఒకడు మొదట పెట్టినదే మరిచిపోయి వారం తరువాత మళ్లీ పెట్టాడు. అది పోతే 43. మిగిలిన రెండూ నిజంగానే జాబితాలో లేవు, ఒకటి వెయ్యి, ఒకటి ఐదువందలు. జాబితా పెట్టిన రాత్రి తరువాత వచ్చిన డబ్బులవి. వాడి బ్యాంకు స్టేట్‌మెంటు తెరిపిస్తే రెండూ పడి ఉన్నాయి. అలా వసూలు 40,000, మిగులు 8,800. పదిహేను వందలు వాడి డబ్బుల్లో కలిసిపోయిన సంగతి వాడికే తెలియదు. "మామా, ఇది తెలియకుండా మూసుంటే రేపు ఎవరన్నా నన్ను దొంగ అని ఉంటే నా దగ్గర ఏముంది చూపించేదానికి?" అన్నాడు. మేము చెప్పాలనుకున్న మాట వాడే అనేశాడు.

ఇక అవతలి పక్షం మాట. సంఘంలో ఒక పెద్దమనిషి ఫోన్ చేసి, "అయితే ఆ ఫైలు అందరికీ పంపేయండి, ఊరి చరిత్ర ఉంటుంది" అన్నారు. వద్దు. ఆ ఫైలులో అందరి మాటలూ ఉన్నాయి, తాగి రాత్రి పన్నెండుకు రాసినవి కూడా. పైగా పేర్లు, తీసినవాడి ఫోన్‌లో ఎలా సేవ్ అయి ఉంటే అలాగే వస్తాయి. మా నేత మిత్రుడి ఫైలులో ఒక గౌరవనీయులైన వారు "కోడి మామ" అని ఉన్నారు. ఆయన పేరు ఇక్కడ చెప్పం. సేవ్ చేయనివాళ్లవి ఉత్త ఫోన్ నంబర్లుగా వచ్చాయి, అందులో చదువుకునే ఆడపిల్లలవీ ఉన్నాయి. ఆ ఫైలు ఊరంతా తిరిగితే, గ్రూపు ఉన్ననాటికంటే పెద్ద పంచాయితీ అవుతుంది. అందువల్ల లెక్క నోటుబుక్కులోకి ఎక్కించాక, ముగ్గురం సంతకం పెట్టి, ఆ ఫైలును మా ముందే తుడిపించాం. బిల్లులు, స్క్రీన్‌షాట్లు మాత్రం ఒక పెన్‌డ్రైవ్‌లో పెట్టాం. కోపంలో అన్న మాటలు మరుపున పడనీండి, ఆ విషయంలో మేము అడ్మిన్ పక్షమే.

ఇంకా తీయవలసినవి రెండున్నాయి. రక్తం ఇస్తామన్న వాళ్ల జాబితా ఒకటి. వాళ్లను మళ్లీ అడిగి, ఒప్పుకున్నవాళ్ల పేర్లే రాసుకోవాలి. రెండోది ఫోటోలు. కరోనాలో పోయిన మన ఊరి పెద్దల ఫోటోలు, శ్రద్ధాంజలి కోసం పిల్లలు పెట్టినవి, చాలా ఇళ్లలో అవి తప్ప వేరే మంచి ఫోటో లేదు. ఆ ఇళ్లవాళ్లను పిలిచి ఇవ్వాలి. మా చిన్నాయనది కూడా ఉంది. మగ్గం ముందు కూర్చుని, కళ్లద్దాలు నుదుటి మీదికి తోసుకుని ఉన్నాడు. ఎవరు తీశారో తెలియదు.

అడ్మిన్‌ను మేము అడిగింది ఇంతే. ఆదివారం గ్రూపు డిలీట్ చేయవద్దు. గ్రూపు సెట్టింగుల్లో అడ్మిన్లు మాత్రమే సందేశాలు పంపేలా మార్చు. అప్పుడు ఎవరూ తిట్టుకోలేరు, ఫార్వర్డ్ చేయలేరు, కానీ పాతవి అందరూ చూసుకోవచ్చు, తీసుకోవచ్చు. నీ భయమూ తీరుతుంది. అలా పదిహేను రోజులు ఉంచు. ఎవరికైనా Export chat పనిచేయకపోతే, గ్రూపులో Advanced chat privacy అనేది ఆన్ అయి ఉందేమో చూసి, ఆఫ్ చేయి. అది ఉంటే ఎక్స్‌పోర్ట్ కాదు. పదిహేను రోజుల తరువాత అందరినీ తీసేసి, నువ్వు బయటికి వచ్చి, మూసేయి. నోటు కూడా మార్చి రాయి, "గ్రూపు మూస్తున్నాం, మీ ఫోన్‌లోని చాటు మీ దగ్గరే ఉంటుంది, వద్దనుకుంటే మీరే తుడుచుకోండి" అని.

ఒప్పుకున్నాడు. ఈ రాత్రికి కొత్త నోటు పెడతానన్నాడు.

మిగిలిన 8,800 ఏం చేయాలన్నది సభ్యులే చెప్పాలి. ఆ మిషన్‌కు ఈ ఎండాకాలానికి ఫిల్టర్ క్యాండిళ్లు మార్చాలని నడిపే అబ్బాయి అంటున్నాడు. నోటుబుక్కు మా ఇంట్లో ఉంది. చందా ఇచ్చిన 43 మందిలో ఎవరైనా సాయంత్రం ఐదు తరువాత వచ్చి తమ పేరు, మొత్తం చూసుకుని పక్కన సంతకం పెట్టవచ్చు. ఇప్పటికి పదకొండు సంతకాలు పడ్డాయి.